క్యారియర్‌లో చీటీ: తమిళంలో నలభై రోజులు

మొదలుపెట్టే ముందు

చెన్నై పెరంబూరులో మా కాపురానికి ఏడేళ్ళు. మా ఆవిడది తంజావూరు వైపు. తనతో తమిళంలోనే మాట్లాడతాను, కూరగాయలవాడితో తమిళంలోనే పోట్లాడతాను, కాని తమిళంలో నా పేరు తప్ప మరేమీ రాయలేను. నాకు మధ్యాహ్నం షిఫ్టు కాబట్టి పొద్దున వంట నాది. ఏడూ నలభైకి క్యారియర్ సర్దితే తను అంబత్తూరు వెళ్ళే లోకల్ రైలు పట్టుకుంటుంది. ఆ క్యారియర్‌లో రోజుకో చీటీ పెట్టాలని, అది తమిళ లిపిలో నా చేతి రాతతోనే ఉండాలని అనుకున్నాను. నలభై పనిదినాలు. చీటీకి రెండు మూడు ముక్కలు మించకూడదు. ఎవరినీ అడిగి రాయించుకోకూడదు. తప్పులుంటే సాయంత్రం తను చెబుతుంది, నేను ఈ పుస్తకంలో రాసుకుంటాను.

1వ రోజు

అక్షరాలు నేర్చుకోవడానికి పిల్లల వాచకమూ, మాటలకు ఒక పాత తమిళ బోధిని కొన్నాను. రెండూ కలిపి తొలి చీటీ రాశాను: "అన్బుళ్ళ మనైవిక్కు, మదియ ఉణవై మఱక్కామల్ ఉణ్ణవుం." గంటన్నర పట్టింది. చూసుకుని మురిసిపోయాను.

సాయంత్రం ఆ చీటీని చేతిలో పట్టుకునే లోపలికి వచ్చింది. "ఇది ఎవరు రాశారు, తాసిల్దారా?" అంది. నేను రాసిన వాక్యాన్ని తెలుగులోకి తెస్తే ఇలా ఉంటుంది: "ప్రియమైన భార్యకు, మధ్యాహ్న భోజనమును మరువక భుజింపవలెను." చివర ఆ "వుం" అన్నది తమిళనాడులో గోడల మీద కనబడే ఆజ్ఞ. చెప్పులు ఇక్కడ విడవవలెను, వరుసలో నిలబడవలెను, అలాంటి చోట్ల వాడేది. పెళ్ళాం క్యారియర్‌లో దానికి చోటు లేదు.

2వ రోజు

నిన్నటి దెబ్బకు కారణం ఆలోచించాను. నేను మాట్లాడే తమిళం ఒకటి, వాచకంలో ఉన్నది మరొకటి. మనకూ ఒకప్పుడు ఇదే గొడవ. గిడుగు రామమూర్తి పంతులు వంటివారు పట్టుబట్టి వాదించారు కాబట్టి మనం మాట్లాడే భాషకు దగ్గరగా రాసుకుంటున్నాం. తమిళంలో ఆ దూరం ఇప్పటికీ బాగానే ఉంది. వార్తలు, పాఠాలు, దరఖాస్తులు ఒక తమిళంలో, ఇంట్లో మాటలు ఇంకో తమిళంలో. వారపత్రికల కథల్లో కూడా కథ చెప్పేది రాత తమిళం, పాత్రలు నోరు తెరిస్తే మాట తమిళం.

కాబట్టి చీటీకి కావలసింది కథల్లో కొటేషన్ గుర్తుల మధ్య ఉండే తమిళం. పాత వారపత్రికలు రెండు సంపాదించి సంభాషణలు మాత్రమే చదవడం మొదలుపెట్టాను. బోధినిని బీరువా మీద పెట్టేశాను.

అదే వాక్యం మళ్ళీ: "మఱక్కామ సాప్పిడు." ఉణవు పోయింది, ఉణ్ణు బదులు సాప్పిడు వచ్చింది, చివరి "ల్" రాలిపోయింది, "వుం" పోయింది. సాయంత్రం ఎవరూ ఏమీ అనలేదు. దాన్ని గెలుపుగానే రాసుకుంటున్నాను.

4వ రోజు

"సాప్పిట్టియా?" అని రాశాను. తిన్నావా అని. మనలాగే వాళ్ళూ ఫోను ఎత్తితే మొదట అడిగేది అదే, అంతకు మించిన ప్రేమమాట ఉండదనుకున్నాను.

ఒంటిగంట దాటాక ఫోను వచ్చింది. "డబ్బా మూత ఇప్పుడే తీశాను. తిన్నావా అని అడిగితే ఏం చెప్పను?" నిజమే. నేను రాసేది ఏడింటికి, తను చదివేది ఒంటిగంటకు, అదీ మొదటి ముద్దకు ముందు. చీటీలో కాలం చదివేవాళ్ళది కావాలి. "పొద్దున త్వరగా వెళ్ళిపోయావు" అన్నా ఫరవాలేదు, "జాగ్రత్తగా వెళ్ళు" అన్నది మాత్రం అప్పటికి పాచిపోయిన మాట.

5, 6, 7 రోజులు

అక్షరాల మీదే గడిచాయి. తెలుగు చేతికి తమిళ లిపిలో ఎక్కడ తట్టుకుంటుందో రాసుకోవాలి.

హల్లులు పద్దెనిమిదే. క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ఇది విని మొదట సంతోషించాను. రాసేవాడికి సుఖమే, ఎందుకంటే మాటలో చోటును బట్టి పలుకు మారుతుంది. మొదట్లో ఉంటే క, జంటగా ఉంటే క్క, రెండు అచ్చుల మధ్య గ, ముక్కుతో పలికే అక్షరం తరవాత కూడా గ. అందుకే జంట అక్షరం ఒకటి తగ్గితే మాట స్వరూపమే మారిపోతుంది. 5వ రోజు "సాప్పాడు" అని రాయబోయి ఒక ప మింగేశాను. ఒంటిగా మిగిలిన ప కాస్తా బ అయింది. "సాబాడు అని రాశావు. సాబం అంటే తెలుసా?" అంది. శాపం. అన్నం పెట్టి శాపం కూడా పెట్టానన్నమాట.

చుక్క. మనకు పొల్లు ఉన్నా, హల్లు మీద హల్లు వస్తే ఒత్తు రాస్తాం. తమిళంలో ఒత్తులు లేవు, అచ్చు లేని హల్లు నెత్తిన చుక్క పెట్టి పక్కన రెండోది రాస్తారు. నేను హడావిడిలో చుక్క మరిచిపోతాను. "అన్బు" కాస్తా "అనబు" అవుతుంది. ఇప్పుడు చీటీ రాసాక చుక్కల కోసమే ఒకసారి విడిగా చూస్తున్నాను.

ఎక్కువ బాధపెట్టింది కొమ్ము. మన కొమ్ము ఉకారం. వాళ్ళు "కొంబు" అనేది ఎకారం గుర్తు, అది హల్లుకు ఎడమ పక్కన వస్తుంది. "పో" రాయాలంటే ముందు ఎడమ కొమ్ము, తరవాత ప, తరవాత కుడిపక్క కాలు, మూడు ముక్కలు. నా చేయి అలవాటుగా ముందు ప రాసేస్తుంది, అప్పుడు ఎడమవైపు చోటు ఉండదు. 6వ రోజు చీటీలో కొమ్ములన్నీ రెండు అక్షరాల మధ్య సందుల్లో ఇరికించినవే, లోకల్ రైల్లో మూడో మనిషికి జరిగి చోటు ఇచ్చినట్టు.

9వ రోజు

చీటీ చేరలేదు. నిన్నటిదీ చేరలేదట. రెండూ క్యారియర్ అడుగున, సంచిలో తడిసి ముద్దయి దొరికాయి.

మధ్యలో ఆదివారం

చీటీ లెక్కలోకి రాదు, పరీక్ష మాత్రమే. ఒకే కాగితాన్ని మూడు ముక్కలు చేసి ఒకదాని మీద జెల్ పెన్నుతో, ఒకదాని మీద మామూలు బాల్ పెన్నుతో, ఒకదాని మీద పెన్సిల్‌తో అదే మాట రాశాను. వేడి అన్నం పెట్టిన గిన్నె మూతకు లోపలివైపు మూడూ అంటించి ఏడూ నలభైకి మూశాను, ఒంటిగంటకు తీశాను. మూతకు పట్టిన ఆవిరి నీరై కాగితాల్లోకి దిగింది. జెల్ సిరా నీలం మరకైపోయింది, అక్షరం ఒక్కటీ మిగల్లేదు. బాల్ పెన్నుది నూనె సిరా కాబట్టి నిలిచింది. పెన్సిల్ అసలు చెక్కుచెదరలేదు, కాని మెత్తబడ్డ కాగితం విప్పుతుంటే చిరిగింది.

అదీ గాక రాసిన కాగితం అన్నానికి తగలడం నాకే నచ్చలేదు. వార్తాపత్రికల్లో తినేవి చుట్టవద్దని, ఆ సిరా తిండిలోకి దిగుతుందని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లోనే హెచ్చరించింది. పెన్ను సిరాకు మాత్రం ఎందుకు మినహాయింపు ఇవ్వాలి? కాబట్టి చీటీ గిన్నెల లోపలికి వెళ్ళదు. చెంచా చుట్టే గుడ్డ మడతలోకి వెళుతుంది. చెంచా తీయకుండా తినలేదు కాబట్టి చీటీ చూడకుండానూ తినలేదు. బాల్ పెన్ను, నాలుగు వేళ్ళంత కాగితం, ఒకే మడత.

12వ రోజు

"సాప్పాడు అవసరం" అని రాశాను. ఈ మధ్య పనిలో పడి భోజనం వాయిదా వేస్తోందని, తిండి అవసరం కదా అని నా భావం.

తమిళంలో "అవసరం" అంటే తొందర. "భోజనం అర్జెంటు" అని చదువుకుని, ఇంట్లో ఏమో అయిందని కంగారుపడి ఫోను చేసింది. వాళ్ళు మన అర్థంలో వాడే మాట "అవసియం". ఏడేళ్ళుగా "అవసరమా పోగణుమా", అంటే తొందరగా వెళ్ళాలా, లాంటి మాటలు వింటూనే ఉన్నాను, ఒక్కసారి కూడా తట్టలేదు. చెవికి తెలిసినది చేతికి తెలియదు.

ఇలాంటివి ఒక పేజీ వేరే పెట్టాను. అక్కర అంటే మనకు కావలసిన పని, వాళ్ళ "అక్కఱై" పట్టింపుతో కూడిన శ్రద్ధ. ఇది చీటీకి పనికొస్తుంది. పెరుగు అని రాస్తే వాళ్ళకు "ఎక్కువవు" అని ఆజ్ఞాపించినట్టు. పెరుగన్నం పెట్టిన రోజు అలా రాసి ఉంటే బరువు గురించి వేళాకోళం చేశానని ఇంట్లో యుద్ధం జరిగేది. పెరుగుకు వాళ్ళ మాట "తయిర్".

15వ రోజు

పిలుపు సంగతి. సినిమాల్లో విన్నవన్నీ వరుసగా వాడి చూశాను. "కణ్ణు" అని రాస్తే, "మా అమ్మ గుర్తొచ్చింది, నువ్వు కాదు" అంది. "తంగం" అంటే బంగారం, అది చదివి పక్కసీటు ఆవిడ గొలుసు ఎప్పుడు కొనిస్తున్నారని అడిగిందట. అప్పుడు తెలిసింది, చీటీని భోజనాల బల్ల దగ్గర నలుగురూ చూస్తున్నారని. కాబట్టి "డీ" అన్నది పూర్తిగా నిషిద్ధం. ఇంట్లో చనువుగా వినబడే ఆ ఒక్క అక్షరం, ఆఫీసులో కాగితం మీద మోటుగా ఉంటుంది.

చివరికి తను చెప్పిందే సరి: "నువ్వు నన్ను రోజూ ఎలా పిలుస్తావో అలా రాయి." నేను పిలిచేది "మా" అని. వామా, సాప్పిడుమా, పడుత్తుక్కోమా. మన తినమ్మా, వెళ్ళమ్మా లాంటిదే.

16వ రోజు

"సాప్పిడుమా" అని రాశాను. నవ్వి నవ్వి చెప్పింది. కాగితం మీద అది "అది తింటుందా?" అని ప్రశ్న. "సాప్పిడుం" అంటే తింటుంది, ఆవు, కుక్క, పిల్లి ఏదైనా. దానికి "ఆ" చేర్చితే ప్రశ్న. నోటితో అన్నప్పుడు రాగాన్ని బట్టి తెలుస్తుంది, కాగితానికి రాగం లేదు. రెండు మార్గాలున్నాయి: సాప్పిడు, మా మధ్య ఖాళీ వదలడం, లేదా మకారాన్ని జంట చేసి "సాప్పిడుమ్మా" అనడం. జంట మకారమే ఎంచుకున్నాను.

మాట తమిళానికి ఒకే తీరు వర్ణక్రమం లేదు. ఒకే మాటను ఇద్దరు రెండు రకాలుగా రాస్తారు. అందుకని ఒక చిన్న నియమం పెట్టుకున్నాను: పలికినట్టే రాయాలి, కాని చదివేవాళ్ళు రాత మాటను గుర్తుపట్టలేనంత కొరికేయకూడదు. "సాప్టియా" అని కొందరు రాస్తారు, నేను "సాప్పిట్టియా" దగ్గర ఆగుతాను.

19వ రోజు

తమిళంలో ర రెండు, న మూడు, ల మూడు. చెన్నైలో నా చెవికి రెండు ర లూ ఒక్కలాగే వినబడతాయి, రాసేటప్పుడు చచ్చే చావు.

న సంగతి తొందరగా తేలింది. మాట మొదట్లో వచ్చే న ఒకటే, త పక్కన వచ్చేదీ అదే. మాట చివర వచ్చేది వేరొకటి. మూడోది మన ణ.

ర కోసం ఇవాళ మంచి దారి దొరికింది. మన బండి ఱ. ఇప్పుడు మనం వాడడం లేదు కాని పాత నిఘంటువుల్లో ఉంది. ఆఱు, నూఱు, మఱచు, ఊఱగాయ. వీటికి తమిళంలోనూ బండి ఱ యే. అటకమీద ఉన్న తాతగారి నిఘంటువు దించి దుమ్ము దులిపాను. తెలుగులో చుట్టం ఉన్న మాట వస్తే అందులో చూసుకుంటున్నాను. ప్రతిసారీ కలుస్తుందని కాదు కాని, గుడ్డిగా రాయడం కన్నా నయం.

తమిళ్ అన్న మాట చివర వచ్చే, నాలుక వెనక్కి మడిచి పలికే ఆ అక్షరానికి మన దగ్గర జోడీ లేదు. కాని దాని ఆనవాలు ఉంది. మన ఏడు, కోడి వాళ్ళ దగ్గర ఆ అక్షరంతో ఉంటాయి. మనం డ అన్నచోట వాళ్ళు ల లాంటిది పలికితే అదే అయ్యుండవచ్చని అనుమానించాలి.

22వ రోజు

అత్తగారు తంజావూరు నుంచి వచ్చారు. ఫ్రిజ్ మీద అంటించిన చీటీలు ఒక్కొక్కటీ చదివి, "మాప్పిళ్ళై, లై ఇలా రాయరు" అన్నారు. కాగితం తీసుకుని రాసి చూపించారు. ల ముందు ఏనుగు తొండం ఎత్తినట్టు ఒక వంపు. ఆవిడ చదువుకున్న నాటి అక్షరం అది. తమిళనాడు ప్రభుత్వం 1978లో లిపి సంస్కరణ చేసి అలాంటి కొన్ని రూపాలను తీసేసింది, మా ఆవిడ బడిలో నేర్చుకున్నది కొత్తది. తల్లీ కూతుళ్ళు ఎవరి లై అందమైనదో అరగంట వాదించుకున్నారు. మధ్యలో పప్పు అడుగంటింది.

మరునాడు చీటీలో తొండం లై పెట్టాను. ఆ ఒక్క అక్షరం కోసం ఆ చీటీని పర్సులో పెట్టుకుంది.

27వ రోజు

రాత్రి గిన్నెలు తోమే వంతు నాది, తోమకుండా పడుకున్నాను. పొద్దున ఇద్దరి మధ్యా మాటల్లేవు. క్యారియర్‌లో పెరుగన్నం, కింది గిన్నెలో మామిడికాయ ముక్కలు. చీటీ ఇదీ:

"తయిర్ సాదం. కీళే ఊఱుగాయ్ ఇరుక్కు. నేత్తు పాత్తిరం కళువల, సారి మ్మా."

పెరుగన్నం. కింద ఊరగాయ ఉంది. నిన్న గిన్నెలు కడగలేదు, సారీ అమ్మా. ఇన్నాళ్ళు నేర్చుకున్నదంతా ఇందులో ఉంది కాబట్టి వివరంగా రాసుకుంటున్నాను. తయిర్‌లో ర మామూలుది, దానికి చుక్క. కీళేలో ళ అసలు ఆ మడత నాలుక అక్షరం, దాని ముందు జంట కొమ్ము. ఈసారి కొమ్మే ముందు రాశాను, చోటు సరిపోయింది. ఊఱుగాయ్‌లో బండి ఱ, మన ఊఱగాయ చూసి రాసినది. నేత్తు అసలు రాతలో "నేఱ్ఱు" లా బండి ఱ జంటతో ఉంటుంది, మాటలో "త్తు" అవుతుంది. నోటి తమిళం కాబట్టి త్తు. "కళువల" రాత రూపం "కళువవిల్లై", ఆ "విల్లై" మొత్తం అరిగి చివర ఒక్క ల మిగిలింది. "విల్లై" పెడితే నేను క్షమాపణ చెప్పినట్టు ఉండేది కాదు, వివరణ పత్రం సమర్పించినట్టు ఉండేది.

రాయడానికి పదకొండు నిమిషాలు. మొదటి రోజు గంటన్నర.

సాయంత్రం క్యారియర్ కడగడానికి విప్పితే అదే చీటీ వెనక్కి వచ్చింది. వెనకవైపు తన రాత: "సరి. ఇన్నిక్కు కళువు." సరే, ఇవాళ కడుగు.

30 నుంచి 36

పెద్దగా రాయడానికి లేదు. రోజుకు ఒక తప్పు, ఒక్కోరోజు సున్నా. 33న చుక్కలన్నీ పెట్టాను. 34న వాన, రైళ్ళు ఆలస్యం, చీటీలో "కుడై సంచిలో ఉంది" అని తెలుగు, తమిళం కలిపి రాసేశాను. వాళ్ళకు సంచి "పై". అయినా అర్థమైందట, గొడుగు కనబడింది కాబట్టి. 36న చీటీ పెట్టడం మరిచిపోయాను. చెంచా గుడ్డ రెండుసార్లు దులిపి చూసిందట.

40వ రోజు

చివరి చీటీ. రెండు రోజులుగా ఏదో గొప్పగా రాయాలని ప్రయత్నించి కాగితాలు పాడుచేశాను. గొప్పగా రాయబోతే చాలు, చేయి బోధిని వైపు వెళుతుంది, "ఎన్ వాళ్‌క్కైయిల్" అని మొదలవుతుంది. నా జీవితంలో అని. చించేశాను. చివరికి రాసింది: "ఇన్నిక్కు సాంబార్‌ల ఉప్పు కమ్మి. కోవిచ్చుక్కాదే మ్మా." ఇవాళ సాంబారులో ఉప్పు తక్కువ, కోపగించుకోకమ్మా. నిజానికి నేను రుచి చూడలేదు, ముందు జాగ్రత్తగా రాశాను.

సాయంత్రం చీటీ వెనక్కి వచ్చింది. వెనకవైపు తెలుగు అక్షరాలు. వంకరగా, తలకట్లు కొన్ని ఎగిరిపోయి, కాని తెలుగే. ఎప్పుడు నేర్చుకుందో చెప్పలేదు. తెలుగు వాచకం సోఫా కింద దొరికింది.

"సాంపారు పాకుంది. ఉప్పు కొంచం ఎక్కువ."

ఒకే అక్షరంతో క, గ రెండూ, ప, బ రెండూ నడిపే లిపి నుంచి వచ్చిన చేయి కదా, బాగుంది కాస్తా పాకుంది అయింది. ఎర్ర పెన్ను తీశాను. మళ్ళీ పెట్టేశాను. రేపటి నుంచి సాంబారులో అర చెంచా ఉప్పు తగ్గిస్తున్నాను.